డ్రాగన్ ఫ్రూట్‌లో మొదలు కుళ్లు: కుళ్లిన మొక్కను కోసి, ఆరబెట్టి, తిరిగి వేరు పట్టించుకోవడం ఎలా?

డ్రాగన్ ఫ్రూట్ జెముడు జాతి మొక్క. కాండం నిండా నీరు నిల్వ ఉంటుంది. అందుకే ఎండను తట్టుకుంటుంది కానీ, మొదట్లో నాలుగు రోజులు నీరు నిలిస్తే తట్టుకోలేదు. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ముసురు పట్టినప్పుడు, ముఖ్యంగా నల్లరేగడి నేలల్లో, మొదలు కుళ్లు ఎక్కువగా కనిపిస్తుంది. మొదలు కుళ్లగానే చాలామంది రైతులు మొక్క మొత్తాన్ని పీకి పారేస్తారు. అయితే కుళ్లు పైకి పాకకముందే గుర్తిస్తే పై భాగాన్ని కాపాడుకోవచ్చు. కొత్త మొక్కలు కొనకుండానే ఆ ఖాళీని నింపుకోవచ్చు.

కుళ్లును గుర్తించడం

భూమికి ఆనుకుని ఉన్న కాండం ముందు పసుపు రంగుకు, తర్వాత గోధుమ రంగుకు మారుతుంది. బొటనవేలితో నొక్కితే మెత్తగా లోపలికి దిగుతుంది. నీరు కారుతుంది, దుర్వాసన వస్తుంది. పై కొమ్మలు మాత్రం కొన్ని వారాల వరకు పచ్చగానే ఉంటాయి. స్తంభాన్ని పట్టుకున్న ఊడవేర్లు, కాండంలో ఉన్న నీరు వాటిని నిలబెడతాయి. కాబట్టి పైన పచ్చగా ఉంది కదా అని ఊరుకోకుండా, వానలు పడే రోజుల్లో వారానికి ఒకసారి ప్రతి స్తంభం దగ్గర వంగి మొదలు చూడాలి.

ఎండ దెబ్బకు కూడా కాండం పసుపు రంగుకు మారుతుంది. కానీ ఆ మచ్చ పడమటి ఎండ తగిలే వైపే ఉంటుంది, నొక్కితే గట్టిగా ఉంటుంది, నీరు కారదు. దానికి కోత అవసరం లేదు.

ఎక్కడ కోయాలి?

ఈ పనిలో ఎక్కువమంది పొరపాటు చేసేది ఇక్కడే. మెత్తబడినంత వరకే కోసి, మిగిలింది బాగుందని నాటుతారు. పది రోజుల్లో అదీ కుళ్లిపోతుంది. కారణం ఏమిటంటే, తెగులు కండలో కంటే మధ్యలో ఉన్న ఈనె గుండా ముందుగా పైకి పోవచ్చు. అందుకే బయటి రంగు చూసి కాకుండా, కోసిన చోట లోపలి రంగు చూసి నిర్ణయించుకోవాలి.

ఉదాహరణకు ఒక స్తంభానికి నాలుగు మొక్కలు ఉన్నాయి, వాటిలో ఒకటి కుళ్లింది అనుకుందాం. దాని కాండం పొడవు 150 సెం.మీ. భూమి నుంచి 15 సెం.మీ. వరకు మెత్తబడింది. మొదటి కోత 8 సెం.మీ. పైన, అంటే 23 సెం.మీ. ఎత్తులో వేయాలి. కోసిన ముఖం చూస్తే కండ పచ్చగానే ఉంది, కానీ మధ్య ఈనె చుట్టూ గోధుమ రంగు వలయం కనిపించింది. అంటే ఇంకా పైకి వెళ్లాలి. 30 సెం.మీ. దగ్గర కోస్తే వలయం పోయి, ఒకటి రెండు చుక్కలు మిగిలాయి. 38 సెం.మీ. దగ్గర కోస్తే ఈనె తెల్లగా, కండ పచ్చగా శుభ్రంగా ఉంది. అక్కడ ఆగాలి. మిగిలిన 112 సెం.మీ.లో లేత చివర 12 సెం.మీ. తీసేస్తే, ఒక్కొక్కటి 25 సెం.మీ. చొప్పున నాలుగు ముక్కలు వస్తాయి. లేత చివర త్వరగా వడిలిపోతుంది, నాటడానికి పనికిరాదు.

చివరి వరకు ఈనె గోధుమ రంగులోనే ఉంటే ఆ మొక్కను వదులుకోవాల్సిందే. కోసిన ముక్కలను గట్ల మీద వేయకుండా తోట బయట పాతిపెట్టాలి లేదా ఎండబెట్టి కాల్చాలి.

ప్రతి కోతకూ ముందు కత్తిని స్పిరిట్‌తో తుడవాలి. లేకపోతే మొదటి కోతలో అంటిన తెగులును మనమే పై భాగానికి ఎక్కించినట్లవుతుంది. వాన లేని రోజున, కాండం మీద తడి ఆరిన తర్వాతే కోయాలి.

ఆరబెట్టడం

ముక్కలు కోయగానే కింది వైపున సున్నంతో గీత పెట్టుకోవాలి. తలకిందులుగా నాటితే వేరు సరిగా పట్టదు. తర్వాత కింది చివర మూడు వైపులా ఉన్న కండను 2 సెం.మీ. మేర ఏటవాలుగా చెక్కి, మధ్య ఈనె కొద్దిగా బయటికి కనిపించేలా చేయాలి. వేర్లు ఎక్కువగా ఆ ఈనె దగ్గర నుంచే వస్తాయి. నీరు నిండిన కండ మట్టికి తగలడం తగ్గితే కుళ్లే అవకాశమూ తగ్గుతుంది.

లీటరు నీటికి 3 గ్రా. కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి, ముక్కల కింది చివరలను 5 నుంచి 10 నిమిషాలు ముంచి తీయాలి. చేతులకు గ్లవుజులు వేసుకోవాలి. ఆ తర్వాత నీడలో, గాలి ఆడే వసారాలో, ఒకదానికొకటి తగలకుండా నిలబెట్టి 5 నుంచి 7 రోజులు ఆరనివ్వాలి. ముసురు రోజుల్లో 10 రోజులు కూడా పట్టవచ్చు. ఎండలో పెట్టకూడదు, గోనె సంచి కప్పకూడదు.

రోజులు లెక్కపెట్టడం కంటే కోసిన ముఖాన్ని తాకి చూడటం మేలు. వేలికి తడి అంటకుండా, గట్టిగా తోలులా పొర కట్టి ఉంటే నాటవచ్చు. ఆరే సమయంలో ఏ ముక్కకైనా గోధుమ రంగు మళ్లీ కనిపిస్తే దాన్ని ఇంకాస్త పైకి కోసి, మళ్లీ మొదటి నుంచి ఆరబెట్టాలి. ముక్క కాస్త ముడతలు పడితే భయపడనక్కర్లేదు. వేరు పట్టాక మళ్లీ నిండుతుంది.

వేరు పట్టించడం

ఈ ముక్కలను నేరుగా పాత గుంటలో నాటకూడదు. రెండు పాళ్లు ఇసుక, ఒక పాలు మట్టి కలిపి, అడుగున రంధ్రాలున్న పాలిథిన్ సంచుల్లో నింపాలి. ముక్కను 4 నుంచి 5 సెం.మీ. లోతు మాత్రమే నాటి, పుల్ల ఊతంగా కట్టాలి. లోతుగా నాటితే కుళ్లుతుంది. మొదటి 5 రోజులు నీరు పోయకూడదు. తర్వాత పై మట్టి ఆరినప్పుడే కొద్దిగా పోయాలి. సంచులను సగం నీడలో, వాన నేరుగా పడని చోట ఉంచాలి.

మూడు నాలుగు వారాల్లో వేర్లు వస్తాయి. మెల్లగా లాగితే ముక్క కదలకుండా పట్టుకుంటే వేరు పట్టినట్లే. మొదలు మెత్తబడిన సంచిని వెంటనే వేరు చేయాలి. తెగులు సోకిన మొక్క నుంచి తీసినవి కాబట్టి, కనీసం రెండు నెలలు విడిగా ఉంచి గమనించాకే తోటలోకి తేవాలి. వీటిని సొంత తోటలో ఖాళీలు నింపడానికే వాడుకోవాలి, ఇతరులకు అమ్మకూడదు.

తిరిగి నాటే ముందు

ఆ రెండు నెలల్లో పాత గుంటలోని మట్టిని తీసి ఎండనివ్వాలి. 90 కిలోల చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండిలో 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి, తడి చల్లి, వారం రోజులు నీడలో కప్పి ఉంచి గుంటల్లో వేసుకోవాలి. ట్రైకోడెర్మా వేసిన చోట 15 రోజుల వరకు రాగి మందులు పోయకూడదు, పోస్తే అది చనిపోతుంది. స్తంభం చుట్టూ అడుగు ఎత్తున మట్టి ఎగదోసి, నీరు బయటికి పోయేలా కాలువ తీయాలి. డ్రిప్ గొట్టం మొదలుకు ఆనకుండా అడుగు దూరం జరపాలి. మిగిలిన మూడు మొక్కల మొదళ్ల చుట్టూ లీటరు నీటికి 3 గ్రా. కాపర్ ఆక్సీక్లోరైడ్ ద్రావణాన్ని, కుళ్లు కనిపించిన రోజునే పోయాలి.