ఆ ‘ఒకేసారి’ ఎక్కడ పోయింది?

కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ మందును వారంలో ఒక్కరోజే వేసుకోవాలి. డాక్టరు 15 మిల్లీగ్రాములు రాశారనుకోండి, 2.5 మిల్లీగ్రాముల మాత్రలైతే ఆరు అవుతాయి. మందుతో ఇచ్చే సమాచార పత్రంలో ఇంగ్లీషున ‘సిక్స్ టాబ్లెట్స్ వన్స్ ఎ వీక్’ అని ఉంటుంది. దాన్ని తెలుగులో ‘వారానికి 6 మాత్రలు వేసుకోండి’ అని రాస్తే పైకి తప్పేమీ కనబడదు. అది చదివినవారు మాత్రం రోజుకొకటి చొప్పున ఆరు రోజులు వేసుకోవచ్చు. మాత్రల లెక్క సరిపోయినా ప్రాణం మీదకు వస్తుంది. రోజూ మందు పడుతుంటే ఎముక మజ్జకు కోలుకునే వ్యవధి దొరకదు. నోట్లో పుండ్లు పడతాయి, రక్తకణాలు తగ్గిపోతాయి. పొరపాటున రోజూ వేసుకుని చనిపోయినవారు ఉన్నారు కాబట్టే, దీన్ని అరికట్టడానికి 2019లో యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ కొత్త జాగ్రత్తలు సూచించింది.

ఇలాంటి జారుడు పట్టుకోవడానికే తిరుగు అనువాదం చేయిస్తారు. మూలం చూడని ఇంకొకరికి తెలుగు ప్రతి ఇచ్చి, ఇంగ్లీషులోకి మార్చమంటారు. తర్వాత రెండు ఇంగ్లీషు ప్రతులనూ పక్కపక్కన పెట్టి చదువుతారు. పైన చెప్పిన వాక్యం ‘సిక్స్ టాబ్లెట్స్ ఎ వీక్’గా తిరిగొస్తుంది. ‘వన్స్’ లేదు. ఆ తేడా చాలా చిన్నది, అయినా అసలు పట్టుకోవాల్సింది దాన్నే.

అదే పత్రంలో ‘సోర్ థ్రోట్’ కాస్తా ‘థ్రోట్ పెయిన్’గా తిరిగి రావచ్చు. దాన్ని ఎర్రసిరాతో దిద్దడం వృథా శ్రమ. గొంతు నొప్పి వస్తే వెంటనే డాక్టరుకు చెప్పాలన్న సంగతి చెక్కుచెదరలేదు. తేడా కనబడినప్పుడు అడగాల్సింది ఒక్కటే: దీనివల్ల పేషెంటు చేసే పని మారుతుందా? మోతాదు, రోజు, ‘వద్దు’ అన్న మాట, ఎప్పుడు ఆసుపత్రికి పరుగెత్తాలన్నది, వీటిలో ఏది మారినా వాక్యం తిరగరాయాల్సిందే.

ఈ పరీక్షకు రెండు గుడ్డిమచ్చలున్నాయి. తిరుగు అనువాదం చేసేవారికి ఆ మందు సంగతి బాగా తెలిస్తే, తెలుగులో లేని ‘వన్స్’ను తెలియకుండానే ఇంగ్లీషులో చేర్చేస్తారు, తప్పు దాగిపోతుంది. రెండోది, ‘అస్థిమజ్జా అవరోధం కలుగవచ్చు’ లాంటి వాక్యం ఇంగ్లీషులోకి చక్కగా తిరిగొస్తుంది, ఇంట్లో చదివేవారికి మాత్రం ముక్క అర్థం కాదు. పదానికి పదం పెట్టిన అనువాదమే ఈ పరీక్షలో సులువుగా నెగ్గుతుంది. అందుకే నాకు తిరుగు ప్రతి మరీ నునుపుగా ఉంటే అనుమానం వస్తుంది.

మన వాక్యాన్ని ఇలా దిద్దవచ్చు: ‘ప్రతి బుధవారం 6 మాత్రలూ ఒకేసారి వేసుకోండి. మిగతా రోజుల్లో ఈ మందు వేసుకోవద్దు.’ దిద్దాక ఈ మందు గురించి తెలియని నలుగురైదుగురితో చదివించి, ‘గురువారం ఎన్ని వేసుకుంటారు?’ అని అడగాలి. ఒక్కరు ‘ఒకటి’ అన్నా వాక్యం మళ్లీ మార్చాలి, తిరుగు ప్రతి మూలంతో ఎంత సరిపోయినా సరే.