పెయింట్ల కొట్టు, వెళ్ళిపోయిన గుమాస్తా

గుంటూరులో ఒక పెయింట్లు, హార్డ్‌వేర్ కొట్టు ఉందనుకుందాం. పనివాళ్లు ఆరుగురు. వాళ్లలో ఒకతను పదకొండేళ్ల కిందట సరుకు మోయడానికి చేరాడు. ఇప్పుడు రంగులు కలిపే టింటింగ్ మిషన్ అతనే చూస్తాడు, అరువు పద్దులు అతనే రాస్తాడు, కంపెనీ మనిషి వచ్చినా ముందు అతనితోనే మాట్లాడతాడు. జీతం 22,000. దసరా గిరాకీ మొదలవబోతున్న రోజుల్లో ఒక రాత్రి యజమాని ఫోనుకు వాట్సాప్ వచ్చింది: "అన్నా, రేపటి నుంచి రాలేను. ఏమీ అనుకోవద్దు." మర్నాడు తెలిసిందేమంటే, రెండు వీధుల అవతల కొత్తగా తెరుస్తున్న పెయింట్ల కొట్టులో చేరుతున్నాడని.

కొట్టూ మనుషులూ కల్పించినవే. కానీ మందుల షాపు, ప్రింటింగ్ ప్రెస్సు, స్వీట్ల దుకాణం, ఏది నడిపేవాళ్లయినా ఇలాంటి మనిషిని ఎరుగుదురు. పెయింట్ల కొట్టునే తీసుకోవడానికి కారణం ఉంది. ఒక్క మనిషి వెళ్లిపోతే ఏమేం ఆగుతాయో అక్కడ మధ్యాహ్నంలోపే బయటపడుతుంది.

ముందు ఆగేది మిషన్. నిజానికి దాన్ని నడపడం బ్రహ్మవిద్యేమీ కాదు. షేడ్ నంబరు, ఏ బేస్, ఎన్ని లీటర్ల డబ్బా అన్నవి కంప్యూటర్లో కొడితే ఏ రంగు ఎంత పడాలో అదే లెక్కగట్టి పోస్తుంది. తప్పు జరిగేది ఆ చుట్టుపక్కల. ముదురు రంగుకు వాడాల్సిన బేస్ బదులు లేత రంగుల బేస్ డబ్బా పెడితే, ఎంత కలిపినా ఆ షేడ్ రాదు. పొద్దున్నే నాజిల్స్ శుభ్రం చేయకపోతే ఎండిన రంగు అడ్డుపడి ఒకటి తక్కువ పడుతుంది, షేడ్ పక్కకు జరుగుతుంది. ఒకసారి రంగు కలిపిన డబ్బాను కంపెనీ వెనక్కి తీసుకోదు. ఇరవై లీటర్ల డబ్బా అయితే ఆ నష్టం చిన్నదేం కాదు. కాబట్టి కొత్త చేతులు పడిన మొదటి వారాల్లో పెద్ద డబ్బా జోలికి పోకుండా ఒక లీటరు కలిపి, అట్టముక్క మీద పూసి, ఆరాక పగటి వెలుతురులో షేడ్ కార్డు పక్కన పెట్టి చూడాలి. తడిమీద ఉన్న రంగు, ఆరిన రంగు ఒకటిగా కనిపించవు. మిషన్ ఇచ్చిన కంపెనీ డిపోకు ఫోన్ చేసి ఇంకొకరికి పని నేర్పించమని అడగాలి. వాళ్లకూ అమ్మకం ఆగడం ఇష్టముండదు కదా.

పోయిన ఏడాది వేసిన రంగే కావాలని వచ్చేవాళ్ల సంగతి వేరు. ఆ మిశ్రమాలు మిషన్ కంప్యూటర్లో కస్టమరు పేరుతో దాచి ఉంటే బతికిపోయినట్టే. వెళ్లినతని సొంత నోటుబుక్కులో ఉంటే మాత్రం అతన్ని అడగక తప్పదు.

రెండోది ఫోన్ నంబరు. చాలా చిన్న కొట్లలో జీఎస్టీ పోర్టల్లో ఉన్న మొబైల్ నంబరు గుమాస్తాదే. రిజిస్ట్రేషన్ రోజున యజమాని ఏ పెళ్లిలోనో ఉంటాడు, "నీ నంబరు ఇచ్చెయ్‌రా" అంటాడు, పదేళ్లు అలాగే గడిచిపోతాయి. నెలనెలా రిటర్నులు వేసేవాళ్లకు జీఎస్టీఆర్-1 గడువు పదకొండో తేదీ, 3బి గడువు ఇరవయ్యో తేదీ. పాస్‌వర్డ్ తెలిసి లాగిన్ కాగలిగితే నంబరు మార్చుకోవడం తేలికే, దానికి అధికారి అనుమతి అక్కర్లేదు. పాస్‌వర్డూ తెలియక, పాత నంబరుకు వచ్చే ఓటీపీ కూడా అందకపోతే అప్పుడు పన్ను అధికారి ఆఫీసుకు కాగితాలు పట్టుకుని వెళ్లాలి. కొట్టు ఈమెయిల్, అకౌంట్ల సాఫ్ట్‌వేర్, గోడౌన్ తాళాల సంగతీ ఇంతే. ఈ జాబితా ఎంత పొడుగుంటే మొదటి రోజు యజమాని నోరు అంత అదుపులో ఉండాలి. ఆ వారమంతా సాయం కావలసింది యజమానికే. పొద్దున్న ఫోన్లో తిట్టిన మనిషిని సాయంత్రం ఓటీపీ చెప్పమని ఏ మొహంతో అడుగుతాడు?

మూడోది అరువు. పెయింటర్లు, మేస్త్రీలు సరుకు పట్టుకెళ్లి, ఇంటివాళ్లు డబ్బిచ్చాక కడతారు. ఎవరు ఎప్పుడు కడతారో, ఎవరికి ఎంతదాకా ఇవ్వొచ్చో వెళ్లినతనికి నోటికొచ్చు. ఇక్కడ చేయాల్సింది, ప్రతి ఒక్కరికీ వాళ్ల పద్దు పంపి, "మా లెక్కలో ఇంత ఉంది, మీ లెక్క సరిచూసుకుని చెప్పండి" అని మామూలు మాటల్లో అడగడం. ఏడాది చివర లెక్కలు చూసుకున్నట్టే ఉండాలి, అందులో అనుమానం వాసన రాకూడదు. ఒక పెయింటరుకు పద్దులో 38,000 బాకీ కనిపించింది, అతనేమో 26,000 అన్నాడు, 12,000 గుమాస్తా చేతికే ఇచ్చానన్నాడు అనుకోండి. కోపంలో ఉన్నవాడికి అది వెంటనే దొంగతనంగా కనిపిస్తుంది. ఆ తేదీన గల్లాపెట్టె లెక్క తీస్తే, ఆ పన్నెండు వేలు అదే పేరున్న ఇంకో పెయింటరు పద్దులో జమై ఉండొచ్చు. ముందు అది చూడాలి, తర్వాత అతన్నే అడగాలి. అలాంటి తేడాలు నాలుగైదు పద్దుల్లో ఒకే తీరుగా వచ్చి, గల్లాలో ఎక్కడా కనిపించకపోతే అప్పుడు ఆడిటర్‌ను, లాయర్‌ను కూర్చోబెట్టుకోవాలి. అంతవరకూ ఆ మాట బజారులో అనకూడదు.

బజారులో అనడం గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే అందరూ చేసేది అదే. వచ్చిన ప్రతి కస్టమరుతో, "చూశారా, ఎంత చేశాను వాడికి" అని మొదలుపెడతారు. కక్కేస్తే భారం దిగుతుందని నమ్మకం. అమెరికాలో బ్రాడ్ బుష్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2002లో ప్రచురించిన ప్రయోగంలో, కోపం తెప్పించిన మనిషినే తలుచుకుంటూ గుద్దుల సంచీని బాదినవాళ్లు, ఏమీ చేయకుండా ఊరికే కూర్చున్నవాళ్లకన్నా ఎక్కువ కోపంతో మిగిలారు. రోజుకు ఇరవైసార్లు అదే కథ చెప్పే యజమాని చేస్తున్నదీ దాదాపు అదే. పైగా ఆ ఇరవైమందిలో సగంమంది పెయింటర్లు, వాళ్లు సాయంత్రానికి ఆ మాటలు అవతలి కొట్టుకు మోసుకెళ్తారు. ఇంట్లో ఒక మనిషితో, ఆడిటరుతో చెప్పుకుంటే చాలు.

అయినా అంత మంట దేనికి? జీతానికి పనిచేసే మనిషి జీతం ఎక్కువ ఇచ్చే చోటికి వెళ్లాడు, అంతే కదా అని బయటివాళ్లకు అనిపిస్తుంది. యజమాని మనసులో మాత్రం వేరే లెక్క నడుస్తోంది. చెల్లెలి పెళ్లికి అప్పిచ్చాడు, తండ్రికి ఆపరేషన్ అయితే ఆసుపత్రిలో రాత్రంతా కూర్చున్నాడు, సంక్రాంతికి ఇంటిల్లిపాదికీ బట్టలు పెట్టాడు. వీటికి బదులుగా అతను ఇక్కడే ఉంటాడన్నది ఎక్కడా రాయని ఒప్పందం. డెనిస్ రూసో అనే పరిశోధకురాలు 1989లో ఇలాంటి రాయని ఒప్పందాల గురించే రాసింది. రెండు పక్షాలూ ఒప్పందం ఉందనే నమ్ముతాయి, అందులో ఏముందన్న దగ్గర మాత్రం ఒకరి నమ్మకం ఇంకొకరికి తెలియదు.

అతని వైపు లెక్క ఎలా ఉండొచ్చు? పదకొండేళ్లలో ఎన్నో ఆదివారాలు కొట్టులోనే గడిచాయి. మూడేళ్లుగా జీతం పెరగలేదు. యజమాని కొడుకు ఇంజినీరింగ్ పూర్తిచేసి కొట్టులో కూర్చున్నాక, ప్రతి డిస్కౌంటుకూ ఆ కుర్రాణ్ణి అడగాల్సి వచ్చింది. పోనీ నోరు తెరిచి అడగొచ్చుగా అంటే, చెల్లెలి పెళ్లికి డబ్బిచ్చిన మనిషిని జీతం పెంచమని అడగడం చాలా కష్టం. వెళ్లిపోతానని ఎదుట నిలబడి చెప్పడం ఇంకా కష్టం. అందుకే రాత్రిపూట వాట్సాప్. పెద్ద కంపెనీలో అయితే ఇంత మొహమాటం ఉండదు, రాజీనామా కాగితం ఇచ్చి నెల రోజులు పనిచేసి వెళ్తారు. అంత దగ్గరితనమే ఇద్దరి నోళ్లనూ కట్టేసిందని నా అభిప్రాయం. అతను చేసింది మర్యాద కాదు, పండగ ముందు చెప్పకుండా పోవడం తప్పే. ఆ తప్పును తప్పుగా చూడొచ్చు, దానికి నమ్మకద్రోహం అని పేరు పెట్టేముందు ఆ రెండో లెక్క కూడా చూడాలి.

కోపం చేతల్లోకి దిగేది జీతం దగ్గర. "వచ్చి కాళ్లావేళ్లా పడితేగానీ ఇవ్వను" అంటారు. 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉన్న వేతనాల కోడ్ ప్రకారం, మానేసిన మనిషికి రావలసిన జీతం రెండు పనిదినాల్లో ఇచ్చేయాలి. మన ఉదాహరణలో ఆ నెల 18 రోజులు పనిచేశాడు, 30 రోజుల లెక్కన 13,200 రావాలి. అతను తీసుకున్న అడ్వాన్సులో ఇంకా 15,000 మిగిలి ఉంది. మొత్తం జీతాన్ని అందులోకి జమేసుకోవడం కుదరదు, కోతలన్నీ కలిపి జీతంలో సగం దాటకూడదు. అంటే 6,600 పట్టుకుని 6,600 చేతికివ్వాలి. మిగిలిన 8,400 ఎన్ని వాయిదాల్లో కడతాడో కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకాలు పెట్టాలి. ఈ కొట్టులో పనివాళ్లు ఆరుగురే కాబట్టి గ్రాట్యుటీ నిబంధనలు వర్తించవు. పదిమంది ఉండి ఉంటే, 22,000ను పదిహేనుతో హెచ్చించి ఇరవై ఆరుతో భాగించి, పదకొండేళ్లకు లెక్కవేస్తే 1,39,615 ఇవ్వాల్సి వచ్చేది. రోజుకూలీల్ని, డెలివరీ కుర్రాళ్లను వదిలేసి "మా దగ్గర పదిమంది లేరు" అనుకునే యజమానులు ఒకసారి లెక్క సరిచూసుకోవాలి.

పోటీ కొట్టులో చేరకుండా ఆపగలమా అని అందరూ అడుగుతారు. ఆపలేరు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం, ఒక మనిషి తన వృత్తి చేసుకోకుండా కట్టేసే ఒప్పందం చెల్లదు.

ఇక మిగిలిన ఐదుగురు. వాళ్లు పైకి ఏమీ అనరు గానీ, వెళ్లినతని జీతం ఎలా తేల్చారో ఒక కన్నేసే ఉంచుతారు. ఈ సమయంలో కంగారుపడి అందరికీ జీతాలు పెంచడం ఒక తప్పు, మొత్తం భారం కొడుకు నెత్తిన పెట్టడం ఇంకో తప్పు. ఒకరు చేసిన పనిని ముగ్గురికి పంచడం మేలు. మిషన్ ఒకరికి, అరువు పద్దులు ఇంకొకరికి, కంపెనీ ఆర్డర్లు కొడుక్కి. మిషన్ దగ్గర నిలబడినవాడికి అదనపు డబ్బు ఆ నెల నుంచే ఇవ్వాలి. "ముందు నేర్చుకో, తర్వాత చూద్దాం" అన్న మాట వెళ్లినతను కూడా ఎప్పుడో విన్నదే అయ్యుంటుంది.

కొందరు పెయింటర్లు అతని వెంట వెళ్తారు. వాళ్ల గిరాకీ అతని మాట మీద, అతనిచ్చే షేడ్ మీద ఉంది కాబట్టి అది సహజం. డబ్బాల్లో వచ్చే టోకెన్ల డబ్బు చెప్పిన రోజుకు అందితే, అరువు లెక్క తేడా లేకుండా ఉంటే, సగంమందైనా రెండు కొట్లకూ తిరుగుతారు. ఆ రెండు కొట్లూ కూడా ఒకదాని అవసరం లేకుండా ఇంకొకటి నడవవు. దీపావళి ముందు ఏదో ఒక సాయంత్రం ఇక్కడ ఒక బేస్ అయిపోతుంది, కస్టమరు ఆటో ఎదురుగా నిలబడి ఉంటుంది, ఆ డబ్బా రెండు వీధుల అవతల ఉంటుంది. పెయింట్ల బజారులో డబ్బాలు ఇచ్చిపుచ్చుకోవడం ఎప్పటినుంచో ఉన్న పద్ధతే. ఆ ఫోన్ ఎత్తేది అతనే.