వంశమే పొట్టిదా? జన్యువులో తేడానా?

‘మా వంశమే పొట్టి డాక్టర్ గారూ, వీడిదీ నాన్న పోలికే!’ పిల్లల ఎదుగుదల చూసే డాక్టర్‌గా నేను తరచూ వినే మాట ఇది. చాలా ఇళ్లలో అది నిజమే. ఎత్తును వందల జన్యువులు కలిసి నిర్ణయిస్తాయి. అవన్నీ తలా కాస్త తగ్గిస్తే పిల్లలు పొట్టిగా ఉంటారు. అది జబ్బు కాదు. కానీ కొన్ని కుటుంబాల్లో కారణం ఒకే ఒక్క జన్యువు.

ఓ తొమ్మిదేళ్ల బాబు సంగతే చూడండి. ఎత్తు 116 సెంటీమీటర్లు. ఆ వయసు మగపిల్లలు సుమారు 130 ఉంటారు. తండ్రి 152, తల్లి 157. మగపిల్లాడికైతే ఇద్దరి ఎత్తూ కూడి, 13 కలిపి, సగం చేస్తాం. 161 వచ్చింది. ‘తల్లిదండ్రులకు తగ్గట్టే ఉన్నాడు’ అనిపిస్తుంది. మెలిక ఇక్కడే ఉంది. తండ్రి ఎత్తే ఒక లోపం వల్ల తగ్గి ఉంటే, ఈ లెక్క ఆ లోపాన్నే మామూలుగా చూపిస్తుంది.

అందుకే ఇంట్లో మిగతావాళ్ల గురించి అడిగాను. నాయనమ్మ ఐదడుగుల లోపే. నలభై దాటీ దాటకముందే మోకాళ్లు అరిగిపోయాయి. తండ్రికి ముప్ఫై నాలుగేళ్లు, అప్పుడే మెట్లెక్కలేకపోతున్నాడు. ఆయన సొంత అన్న మాత్రం 170 సెంటీమీటర్లు, ఏ నొప్పులూ లేవు.

తర్వాత బాబు ఎడమచేతికి ఎక్స్‌రే తీయించాం. ఎముకల వయసు పదకొండేళ్లని తేలింది. పొట్టి పిల్లల్లో అది అసలు వయసుకు సమానంగానో, వెనకబడో ఉండటమే ఎక్కువ. ముందుకెళ్లిందంటే ఎదుగుదల త్వరగా ఆగిపోతుందన్నమాట.

జన్యు పరీక్షలో 15వ క్రోమోజోమ్ మీది ఏసీఏఎన్ జన్యువులో తేడా కనిపించింది. తండ్రికీ అదే ఉంది, పెదనాన్నకు లేదు. ఈ జన్యువు అగ్రికాన్ అనే ప్రొటీన్‌ను తయారుచేస్తుంది. ఎముకల చివరనుండే మృదులాస్థిలో నీటిని పట్టి ఉంచేది అదే. రెండు ప్రతుల్లో ఒకటి పాడైతే ప్రొటీన్ చాలదు. ఎముక పెరిగే పొర ముందే గట్టిపడిపోతుంది. కీళ్లలోని మృదులాస్థి కూడా త్వరగా అరుగుతుంది. పొట్టితనం, మోకాళ్ల నొప్పి రెండింటికీ మూలం ఒకటే. అది పిల్లలకు వచ్చే అవకాశం ప్రతి కాన్పులోనూ సగానికి సగం.

జన్యువును సరిచేసే మందు లేదు. గ్రోత్ హార్మోన్ ఇంజెక్షన్లతో కొంత ఎత్తు పెరగొచ్చు, అదీ ఎముకలు మూసుకోకముందే. కొందరిలో యుక్తవయసును కాస్త ఆపే మందు కూడా కలుపుతారు. బరువు పెరగకుండా చూసుకోవడం, గెంతే ఆటల బదులు ఈత ఎంచుకోవడం మోకాళ్లకు మేలు.

ఎముకల వయసు మామూలుగా ఉన్నంత మాత్రాన ఈ లోపం లేదని చెప్పలేం. అందుకే ఎక్స్‌రే కంటే ముందు నేను అడిగేది ఒక్కటే: ‘మీ ఇంట్లో పొట్టిగా ఉన్నవాళ్లకే మోకాళ్లు ముందుగా పోయాయా?’