సంతకం అడిగిన పెదనాన్నకు ఏమని జవాబివ్వాలి?

పిటిషన్ మీద సంతకం చేసి పదిమందికి పంపమంటూ వచ్చిన మెసేజ్ నిజమో కాదో తేలనప్పుడు, అసలు చిక్కు జవాబు దగ్గరే వస్తుంది. పంపింది ముక్కూమొహం తెలియనివారైతే పట్టించుకోనక్కర్లేదు. కానీ అలాంటివి వచ్చేది పెదనాన్న నుంచో, చిన్నప్పటి మాస్టారి నుంచో, పక్క ఫ్లాటు ఆంటీ నుంచో. వాట్సాప్‌లో మెసేజ్ పైన జంట బాణాల గుర్తు ఉంటే అది కనీసం ఐదు చేతులు మారి వచ్చిందని అర్థం. మొదట రాసిందెవరో పంపినవారికీ తెలియదు. కాబట్టి ‘ఇది ఫేక్’ అని కొడితే ఆ దెబ్బ రాసినవారికి తగలదు, పెదనాన్నకే తగులుతుంది.

ఆ మాట తప్పు కూడా కావచ్చు. 1990ల చివర్లో అఫ్గానిస్తాన్ మహిళల మీద తాలిబన్ల ఆంక్షలను వివరిస్తూ ఒక ఈమెయిల్ పిటిషన్ ప్రపంచమంతా తిరిగింది. కింద పేరు చేర్చి ముందుకు పంపాలి, జాబితా నిండినప్పుడు అమెరికాలోని బ్రాండైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న ఒక చిరునామాకు పంపాలి అని అందులో ఉంది. వచ్చిపడిన మెయిళ్ల తాకిడికి విశ్వవిద్యాలయం ఆ ఖాతాను మూసేసింది. పిటిషన్ మాత్రం ఆ తర్వాత కూడా చాలాకాలం తిరుగుతూనే ఉంది. మొదలుపెట్టిన విద్యార్థినిది దురుద్దేశం కాదు, ఆ మహిళల కష్టాలూ కల్పితం కావు. పనిచేయనిది సంతకాలు చేరే దారి ఒక్కటే. దాన్ని నిజం అనలేం, అబద్ధమూ అనలేం.

అందుకే జవాబుకు ముందు పిటిషన్ ఎవరి పేరు మీద ఉంది, ఎప్పుడు మొదలైంది, ఎవరికి అందుతుంది అని ఒకసారి చూస్తే చాలు. బ్రిటన్ పార్లమెంటు పిటిషన్లలో ఇది తేలిక. అవి ఆరు నెలలే తెరిచి ఉంటాయి, లక్ష సంతకాలు దాటితే చర్చకు పరిశీలిస్తారు. సంతకం పెట్టగలిగేది బ్రిటిష్ పౌరులూ అక్కడ నివసించేవారూ మాత్రమే. లండన్‌లో ఉన్న మేనల్లుడు పంపిన లింకు నిఖార్సైనదే అయినా గుంటూరు నుంచి పెట్టే సంతకానికి అక్కడ లెక్క లేదు. చేంజ్.ఆర్గ్ లాంటి సైట్లలో ఎవరైనా పిటిషన్ పెట్టొచ్చు. సంతకం తర్వాత అది అడిగే డబ్బు పిటిషన్‌ను మరింతమందికి చూపించడానికే వెళ్తుంది, బాధిత కుటుంబానికి కాదు. ఈ సంగతి తెలియక ఇచ్చేవారు కొందరుంటారు.

ఉదాహరణకు, విదేశంలో చిక్కుకుపోయిన తెలుగు విద్యార్థిని రప్పించాలంటూ పెదనాన్న ఒక లింకు పంపాడనుకుందాం. అందులో తేదీ లేదు, ఊరు లేదు, పెట్టినవారి పేరు లేదు. పత్రికల్లో వెతికినా ఏమీ దొరకలేదు. వార్త దొరకనంత మాత్రాన సంఘటన జరగలేదని కాదు. జవాబు ఇలా ఉండొచ్చు:

‘పెదనాన్నా, చూశాను. అబ్బాయి సంగతి చదివితే బాధేసింది. ఏ ఊరో, ఎవరు పెట్టారో నాకు దొరకలేదు. వివరం తెలియనివి నేను ఎవరికీ పంపను, అందుకని ఇది కూడా పంపట్లేదు. వాళ్ల వాళ్లు మీకు తెలుసా? తెలిస్తే విదేశాంగ శాఖ మదద్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టమని చెప్పండి, నేను దగ్గరుండి పెట్టిస్తాను.’

ఇందులో తెలియలేదన్నది రాసినవారి గురించే, పంపినవారి పొరపాటు ప్రస్తావన లేదు. పంపకపోవడం అన్నిటికీ వర్తించే అలవాటుగా వచ్చింది, ఈ ఒక్కదాని మీద అనుమానంగా కాదు. నిజంగా కష్టంలో ఉన్న కుటుంబం ఉంటే సంతకం కన్నా పనికొచ్చే దారీ దొరికింది. ‘తర్వాత చూస్తాను’ అని దాటవేస్తే మళ్లీ గుర్తుచేస్తారు, అప్పుడు సాకులు వెతుక్కోవాలి. ఇలాంటి జవాబును గ్రూపులో కాకుండా విడిగా పంపడం మేలు. నలుగురిలో అడిగిన ప్రశ్న ఎంత మెత్తగా ఉన్నా నిలదీసినట్టే ఉంటుంది. ‘నీకు నా మీద నమ్మకం లేదా?’ అని ఎదురొస్తే, ‘మీ మీద కాదు పెదనాన్నా, మీకు పంపినవాళ్లెవరో మనిద్దరికీ తెలియదుగా’ అంటే సరిపోతుంది. ఆ పైన వాదన పెంచనక్కర్లేదు.

లింకు ఓటీపీ, ఆధార్ నంబరు, బ్యాంకు వివరాలు అడుగుతుంటే మాత్రం మర్యాదకోసం ఆగకూడదు. వెంటనే ఫోన్ చేయాలి. అప్పుడు కూడా మొదట అడగవలసింది ఎందుకు పంపారని కాదు, ‘మీరు అందులో ఏమైనా నింపారా?’ అని. నింపి ఉంటే బ్యాంకుకు చెప్పాలి, డబ్బు పోయి ఉంటే 1930కు ఫోన్ చేయాలి. ఆ తర్వాత గ్రూపులో హెచ్చరిక పెట్టే పని పెదనాన్నకే వదిలేస్తే, పంపిన ఆయనే సరిదిద్దినట్టవుతుంది.