మార్కెటింగ్ బిట్లు: కిటుకంతా ఆఖరి వాక్యంలోనే

ఖాళీ షాంపూ ప్యాకెట్లు ఐదు తెచ్చిస్తే కొత్తది ఒకటి ఉచితం. ఒక కంపెనీ పెట్టిన ఈ పథకం మార్కెటింగ్‌లోని నాలుగు ‘పి’లలో దేని కిందికి వస్తుంది? డబ్బు కలిసొస్తోంది కాబట్టి ప్రైస్ అని కొందరు గుర్తిస్తారు. చేతికిచ్చేది సరుకే కదా, ప్రొడక్ట్ అని ఇంకొందరు అంటారు. రెండూ తప్పే. జవాబు ప్రమోషన్.

బీకాం, ఎంబీఏ పరీక్షల్లోనూ, యూజీసీ నెట్ కామర్స్, మేనేజ్‌మెంట్ పేపర్లలోనూ ఇలాంటి కథ బిట్లు వస్తుంటాయి. నాలుగైదు వాక్యాల్లో ఒక వ్యాపారం సంగతి చెప్పి, అది వస్తు జీవిత చక్రంలో ఏ దశో, ఏ రకం మార్కెట్ విభజనో, ఏ ‘పి’యో చెప్పమంటారు. నిర్వచనాలు కంఠతా వచ్చినవాళ్లు కూడా ఇక్కడ మార్కులు పోగొట్టుకుంటారు. కథలో చాలా విషయాలుంటాయి, ప్రశ్న మాత్రం వాటిలో ఒక్కదాని గురించే. ఆ ఒక్కటీ ఏమిటో తేల్చేది ఆఖరి వాక్యం. ఈ సంగతి తెలియాలంటే ఒకే కథను తీసుకుని ప్రశ్న మార్చి మార్చి అడిగి చూడాలి.

పైన చెప్పిన ఖాళీ ప్యాకెట్ల పథకం నిజంగా నడిచిందే. తమిళనాడులోని కడలూరులో చిన్ని కృష్ణన్ అనే వ్యాపారి, షాంపూ అంటే సీసా అనుకునే రోజుల్లోనే దాన్ని చిన్న ప్యాకెట్లలో పోసి అమ్మాలని చూశారు. ఆయన కొడుకు సి.కె. రంగనాథన్ 1983లో సొంతంగా ‘చిక్’ షాంపూ మొదలుపెట్టారు. తండ్రి పేరులోని అక్షరాలతోనే ఆ పేరు కట్టారు. అదే తర్వాత కెవిన్‌కేర్ సంస్థగా ఎదిగింది. ఊరూరా తిరిగి జనం ముందే పిల్లలకు తలంటి చూపించారు. ఏ కంపెనీ ఖాళీ ప్యాకెట్లయినా సరే, ఐదు తెస్తే ఒక చిక్ ప్యాకెట్ ఇచ్చారు. కొన్నాళ్లకు చిక్ ఖాళీలు తెస్తేనే అని షరతు మార్చారు. ఆ తర్వాతి కాలంలో అర్ధరూపాయి ప్యాకెట్ కూడా తెచ్చారు. కిరాణా కొట్టు గుమ్మానికి దండల్లా వేలాడే షాంపూ ప్యాకెట్ల వెనక ఇంత కథ ఉంది.

ఇక ప్రశ్నలు.

మొదటి ప్రశ్న: సీసాకు బదులు ఒక్కసారి వాడకానికి సరిపడే ప్యాకెట్‌లో షాంపూ నింపాలని కంపెనీ నిర్ణయించింది. ఇది ఏ ‘పి’కి సంబంధించిన నిర్ణయం?
ఎ) ప్రొడక్ట్ బి) ప్రైస్ సి) ప్లేస్ డి) ప్రమోషన్

జవాబు ఎ. ప్యాకింగ్, పరిమాణం, బ్రాండ్ పేరు, వారంటీ ఇవన్నీ ప్రొడక్ట్ కిందికే వస్తాయి. చిన్న ప్యాకెట్ చవగ్గా వస్తుందన్నది నిజమే. అయినా ప్రశ్నలో ధర మాట లేదు. ఆఖరి వాక్యాన్ని ‘ఆ ప్యాకెట్‌ను అర్ధరూపాయికి అమ్మాలని నిర్ణయించింది’ అని మార్చండి, జవాబు ప్రైస్ అవుతుంది. ‘ప్రతి పల్లె కొట్టుకూ వారానికోసారి సరుకు చేరేలా పంపిణీదారుల్ని పెట్టింది’ అంటే ప్లేస్. ప్లేస్ అంటే దుకాణం ఉన్న చోటు మాత్రమే కాదు. గోడౌను, రవాణా, డీలర్లు, నిల్వలు అన్నీ అందులోనివే. ఊళ్లో తలంటి చూపించడం, ఖాళీలకు కొత్త ప్యాకెట్ ఇవ్వడం ప్రమోషన్. కొనమని జనాన్ని కదిలించడానికి కొంతకాలం ఆశ చూపే పని ఏదైనా ఈ కిందికే వస్తుంది.

అసలు తిరకాసు డిస్కౌంట్ దగ్గర వస్తుంది. ఫిలిప్ కోట్లర్ పాఠ్యపుస్తకంలో డిస్కౌంట్లు, అరువు గడువు ప్రైస్ జాబితాలో ఉంటాయి. సీబీఎస్‌ఈ పన్నెండో తరగతి బిజినెస్ స్టడీస్‌లోనేమో డిస్కౌంట్, రిబేటు అమ్మకాల ప్రోత్సాహకాల్లో, అంటే ప్రమోషన్‌లో ఉంటాయి. రెండింటిలో ఏదీ తప్పు కాదు. ‘హోల్‌సేల్ వ్యాపారికి రెండు శాతం తగ్గింపు, నెల రోజుల అరువు’ అంటే అది అమ్మకపు షరతు కాబట్టి ప్రైస్. ‘సంక్రాంతి వరకే పది రూపాయల తగ్గింపు’ అంటే గడువు పెట్టి ఊరించడం కాబట్టి ప్రమోషన్. గడువు ఉందా, ఎవరికి ఇస్తున్నారు అన్న రెండు సంగతులూ చూస్తే చాలావరకు తేలిపోతుంది.

రెండో ప్రశ్న: వారానికి ఒక్కసారే తలస్నానం చేసేవారికి ఒక సైజు, రోజూ చేసేవారికి ఇంకో సైజు షాంపూ తెచ్చింది ఒక కంపెనీ. ఇది ఏ ఆధారం మీద మార్కెట్ విభజన?
ఎ) భౌగోళిక బి) జనాభా లక్షణాలు సి) జీవనశైలి డి) ప్రవర్తన

జవాబు డి. వస్తువును ఎంత వాడుతున్నారు, ఎప్పుడు వాడుతున్నారు, దాన్నుంచి ఏం ఆశిస్తున్నారు అనేవి ప్రవర్తన కిందికి వస్తాయి. ఇదే కథలో ‘దినకూలీ మీద బతికేవారి కోసం’ అంటే ఆదాయం, కాబట్టి జనాభా లక్షణాలు. వయసు, ఆడ, మగ, చదువు, కుటుంబం ఎంత పెద్దది అనేవీ ఇందులోనే. ‘పట్నం వదిలి పల్లెల మీద దృష్టి పెట్టింది’ అంటే భౌగోళికం. ‘నలుగురిలో దర్జాగా కనబడాలనుకునేవారి కోసం’ అంటే జీవనశైలి, మనస్తత్వం.

ఇక్కడ ఎక్కువమంది బోల్తా పడేది చుండ్రు షాంపూ దగ్గర. చుండ్రు పోవాలని, జుట్టు రాలకూడదని, మెరవాలని ఒక్కొక్కరు ఒక్కోటి కోరుకుంటారు. కోరిక అనగానే మనసు గుర్తొచ్చి జీవనశైలి అని పెడతారు. కానీ వస్తువు నుంచి ఆశించే ప్రయోజనాన్ని కోట్లర్ వర్గీకరణలో ప్రవర్తన కిందే లెక్కిస్తారు. దీపావళికి, రాఖీకి ప్రత్యేకంగా వచ్చే చాక్లెట్ పెట్టెలూ అంతే. సందర్భాన్ని బట్టి చేసిన విభజన కాబట్టి ప్రవర్తనే. ఇంకో జంట కూడా తికమక పెడుతుంది. పల్లె కొనుగోలుదారును ఎంచుకోవడం భౌగోళిక విభజన. ఆ పల్లెకు సరుకు చేర్చడం ప్లేస్. మొదటిది ఎవరికి అమ్మాలన్న నిర్ణయం, రెండోది ఎలా అందించాలన్నది.

మూడో ప్రశ్న: ఒక షాంపూ అమ్మకాలు వరుసగా ఐదేళ్లలో 100, 160, 240, 262, 270 లక్షల రూపాయలు. పోటీ కంపెనీలు ధరలు తగ్గించడంతో చివరి రెండేళ్లలో లాభం తగ్గింది. ఐదో ఏట ఈ వస్తువు ఏ దశలో ఉంది?
ఎ) పరిచయ బి) వృద్ధి సి) పరిపక్వ డి) క్షీణ

అమ్మకాలు ఏటా పెరుగుతూనే ఉన్నాయి కదా అని ‘వృద్ధి’ పెట్టేవారు కొందరు. లాభం తగ్గింది కదా అని ‘క్షీణ’ పెట్టేవారు మరికొందరు. పెరిగిన వేగం లెక్క కట్టండి. రెండో ఏట 60 శాతం, మూడో ఏట 50 శాతం, ఆ తర్వాత సుమారు 9 శాతం, చివరికి 3 శాతం. అమ్మకాలు శిఖరానికి దగ్గరపడ్డాయి, వేగం చచ్చిపోయింది, పోటీ ధరల మీదకు మళ్లింది. ఇది పరిపక్వ దశ. క్షీణ దశ అనాలంటే అమ్మకాలే వరుసగా పడిపోవాలి. పరిచయ దశకు గుర్తులు వేరు: అమ్మకాలు తక్కువ, ప్రచారం ఖర్చు ఎక్కువ, సాధారణంగా నష్టం, పోటీదారులు ఒకరో ఇద్దరో. వృద్ధి దశలో అమ్మకాలు, లాభం జోరుగా పెరుగుతాయి, అది చూసి కొత్త కంపెనీలు దిగుతాయి. ‘లాభం అత్యధికంగా ఉండే దశ ఏది’ అన్న బిట్ వస్తే మాత్రం మీ సిలబస్ పుస్తకం చూసుకోండి. కొన్ని పుస్తకాల గీతలో లాభం శిఖరం వృద్ధి దశ చివర ఉంటుంది, కొన్నిటిలో పరిపక్వ దశలో ఉంటుంది.

నాలుగో ప్రశ్నకు షాంపూ వదిలి బజాజ్ చేతక్ దగ్గరికి వద్దాం. 1972లో వచ్చిన ఈ గేర్ల స్కూటర్ కోసం ఒకప్పుడు జనం ఏళ్ల తరబడి ఎదురుచూసేవారు. 2000 దాటాక దాని అమ్మకాలు పడిపోయి, ఆ దశాబ్దం మధ్యలో తయారీ ఆగిపోయింది. సరిగ్గా ఆ కాలంలోనే హోండా యాక్టివా లాంటి గేర్లు లేని స్కూటర్లు ఊపందుకున్నాయి. మరి అప్పుడు స్కూటర్ ఏ దశలో ఉన్నట్టు? చేతక్ బ్రాండ్‌ను అడిగితే క్షీణ దశ. గేర్ల స్కూటర్ అనే రకాన్ని అడిగినా క్షీణ దశే. గేర్లు లేని రకాన్ని అడిగితే వృద్ధి దశ. 2020లో చేతక్ పేరుతోనే ఎలక్ట్రిక్ స్కూటర్ అమ్మకానికొచ్చింది. పేరు పాతదే, వస్తువు కొత్తది, మళ్లీ పరిచయ దశ.

అందుకే జీవిత చక్రం బిట్‌లో ముందుగా తేల్చుకోవాల్సింది అడుగుతున్నది మొత్తం సరుకు గురించా, అందులో ఒక రకం గురించా, ఒక బ్రాండ్ గురించా అని. వస్తువు వయసు మాత్రం గుర్తు కాదు. ఎంతో కాలంగా ఉన్న సబ్బుల మార్కెట్‌లోకి నిన్న వచ్చిన బ్రాండ్ పరిచయ దశలో ఉంటుంది, సబ్బుల మార్కెట్ పరిపక్వ దశలోనే ఉంటుంది.

పరీక్ష హాలు దాటాక ఈ చక్రానికి ఒక పరిమితి ఉంది. థియోడర్ లెవిట్ 1965లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో దీన్ని ఎలా వాడుకోవాలో రాస్తే, 1976లో అదే పత్రికలో ధల్లా, యుస్పే దీన్ని మర్చిపొమ్మని వాదించారు. అమ్మకాలు కాస్త తగ్గగానే క్షీణ దశ వచ్చిందనుకుని ప్రకటనలు ఆపేస్తే, బాగున్న బ్రాండ్ కూడా ఆ నిర్ణయం వల్లే చచ్చిపోతుందన్నది వారి వాదన. బిట్‌లో ఐదేళ్ల లెక్కలు ముందే ఇస్తారు. వ్యాపారికి ఐదో ఏట నిలబడినప్పుడు ఆరో ఏట ఏమవుతుందో తెలియదు.

పరీక్ష రాసేవారు చేయాల్సింది మాత్రం సులువే. ముందు ఆఖరి వాక్యం చదవండి. అడిగింది దశా, విభజనా, ‘పి’యా అన్నది తేల్చుకోండి. ఆ తర్వాతే కథలోకి వెళ్లి, దానికి సాక్ష్యంగా నిలిచే మాటల కింద గీత పెట్టండి, మిగతావి వదిలేయండి. యూజీసీ నెట్‌లో తప్పు జవాబుకు మార్కులు కోయరు కాబట్టి అక్కడ ఏ బిట్టూ ఖాళీగా వదలొద్దు. మార్కులు కోసే పరీక్షల్లో మాత్రం కథలో సాక్ష్యం దొరకని జవాబు జోలికి పోవద్దు.