ఇన్‌బాక్స్ రూలు మింగేసిన టెండరు

ఫోను పక్క ఊరి కాంట్రాక్టరు నుంచి వచ్చింది. "ఏమండీ, ఆ పరిశోధన కేంద్రం మోటార్ల మెయింటెనెన్స్ టెండరుకి ఈసారి మీరు వెయ్యలేదేంటి? నిన్న టెక్నికల్ బిడ్లు తెరిచారు. మీ పేరు కనబడలేదు." ఓనరు ఫోను పెట్టేసి గుమస్తా బల్ల దగ్గరికి వచ్చాడు. "అసలు నోటీసే రాలేదండీ," అన్నాడు గుమస్తా. అబద్ధం ఆడలేదు. రోజూ తొమ్మిదిన్నరకి వచ్చి మొదట మెయిల్ తెరిచే మనిషి. ఇన్‌బాక్స్‌లో అలాంటిదేమీ అతని కంట పడలేదు. "మన అడ్రసుకే పంపుతారు కదయ్యా, ఒక్కసారి వెతుకు," అన్నాడు ఓనరు.

వెతికితే దొరికింది. జూన్ 2న ఉదయం 11:42కి వచ్చిన మెయిల్ అది. బిడ్ల గడువు జూన్ 23 మధ్యాహ్నం మూడింటితో ముగిసింది. వాళ్లు వెతుకుతున్నది 25వ తేదీన. మెయిల్ పక్కన పసుపు నక్షత్రం ఉంది, ముఖ్యమైనదన్న గుర్తూ ఉంది. అప్పటికే చదివేసినట్టు సన్నటి అక్షరాల్లో కనిపిస్తోంది. కానీ దాన్ని ఎవరూ తెరవలేదు.

ఈ గుమస్తా, ఈ ఓనరు, వారి దుకాణం కల్పితం. జీమెయిల్ పనిచేసే తీరు, టెండరు నిబంధనలు మాత్రం నిజమైనవే. అదే పొరపాటు ఏ ఆఫీసులోనైనా ఇదే దారిలో జరగగలదు కాబట్టి ఆ దారిని అడుగడుగునా చూడాలి.

పంపుసెట్లు, స్టార్టర్ ప్యానెళ్లు అమ్మి, వాటి మరమ్మతు కాంట్రాక్టులు చేసే చిన్న సంస్థ అది. మెయిల్ ఐడీ ఒక్కటే. బ్యాంకు స్టేట్‌మెంట్లు, కొరియర్ సమాచారం, బీమా ప్రకటనలు, కంపెనీల ఆఫర్లు అన్నీ అందులోకే వచ్చి పడేవి. వాటి మధ్య కస్టమర్ల ఆర్డర్లు వెతుక్కోవడం కష్టమైంది. మనుషులు రాయని మెయిళ్లు చాలావరకు noreply అనే పేరున్న అడ్రసుల నుంచి వస్తున్నాయని గుమస్తా గమనించాడు. ఒక మధ్యాహ్నం తీరిక చూసుకుని రూలు పెట్టాడు. వెతికే పెట్టె పక్కనున్న గుర్తు నొక్కి, From గడిలో noreply అని కొట్టి, ముందు ఆ మాటకి ఏ మెయిళ్లు తగులుతున్నాయో చూశాడు. రెండు పేజీలు కిందికి జరిపాడు. అన్నీ బ్యాంకువి, కొరియర్‌వి, బీమావే. నమ్మకం కుదిరాక Create filter నొక్కి మూడు గడుల్లో టిక్కు పెట్టాడు. ఒకటి Skip the Inbox. రెండోది Mark as read. మూడోది "ఆటో" అనే లేబుల్ తగిలించమన్నది.

ఆ రోజుకి ఆ రూలు సరైనదే. టెండరు పోర్టల్ నుంచి వచ్చే సమాచారం అప్పట్లో వేరే అడ్రసు నుంచి వచ్చేది కాబట్టి అతను చూసిన రెండు పేజీల్లో అది లేదు. కొన్ని నెలల తర్వాత పోర్టల్ వాళ్లు మెయిళ్లు పంపే అడ్రసు మార్చారు. కొత్త అడ్రసు noreply తోనే మొదలవుతుంది. ఆ మార్పు గుమస్తాకి ఎవరూ చెప్పలేదు. చెప్పినా రూలు గుర్తుకొచ్చేది కాదేమో. అది పెట్టి నెలలు గడిచాయి, ఇన్‌బాక్స్ శుభ్రంగా ఉంది, పనులు సాగుతున్నాయి.

మరి నక్షత్రం సంగతేమిటి? అతను అజాగ్రత్త మనిషి కాదు. అంతకు ముందే ఇంకో రూలు పెట్టుకున్నాడు. సబ్జెక్టులో tender అన్న మాట ఉంటే Star it, Always mark it as important. ఈ రూలు ఉన్నంతకాలం టెండరు మెయిల్ తన కళ్ల ముందే ఉంటుందనుకున్నాడు. చాలామంది అలాగే అనుకుంటారు. జీమెయిల్‌లో మాత్రం రూళ్ల మధ్య పెద్దా చిన్నా తేడా ఉండదు. ఒక మెయిల్ ఎన్ని రూళ్లకు తగిలితే అన్ని రూళ్లూ దాని మీద పనిచేస్తాయి. నక్షత్రం పెట్టమన్న రూలు నక్షత్రం పెట్టింది. ఇన్‌బాక్స్‌లోకి రానివ్వొద్దన్న రూలు దాన్ని పక్కకి పంపింది. "ముఖ్యం" అన్న గుర్తు మామూలుగా ఇన్‌బాక్స్‌లో చోటు ఇప్పించదు. Never send it to Spam అని టిక్కు పెట్టినా ఇంతే. అది స్పామ్‌లోకి పోకుండా ఆపుతుంది గానీ Skip the Inbox ని రద్దు చేయదు.

అవుట్‌లుక్‌లో పద్ధతి వేరు. అక్కడ రూళ్లు పై నుంచి కిందికి వరసగా నడుస్తాయి. Stop processing more rules అని టిక్కు పెడితే, ఆ రూలుకి తగిలిన మెయిల్‌ని కింది రూళ్లు ముట్టుకోవు. టెండరు రూలుని అన్నిటికన్నా పైన పెట్టి ఆ టిక్కు వేస్తే సరిపోతుంది. అవుట్‌లుక్ అలవాటున్నవాళ్లు జీమెయిల్‌కి వచ్చినప్పుడు బోల్తా పడేది ఇక్కడే.

రెండు టిక్కుల్లో అసలు కీడు చేసింది Mark as read. ఒక్క Skip the Inbox మాత్రమే ఉంటే ఎడమ వైపు "ఆటో" లేబుల్ అక్షరాలు మందంగా మారి, పక్కన చదవని మెయిళ్ల లెక్క పెరుగుతూ ఉండేది. ఏదో ఒక రోజు తెరిచి చూసేవాడు. చదివినట్టు గుర్తు పడేసరికి ఆ లెక్క కూడా మాయమైంది. ఇన్‌బాక్స్‌లోకి రాని మెయిల్‌కి ఫోన్‌లో మామూలుగా గంట మోగదు. మెయిల్ పోలేదు, స్పామ్‌లో పడలేదు, తిరిగి వెళ్లలేదు. పంపినవాళ్ల దృష్టిలో అది చేరాల్సిన చోటికే చేరింది.

ఓనరుకి ముందుగా తోచిన ఆలోచన, నోటీసు అందలేదని ఆ సంస్థకి ఒక ఉత్తరం రాయడం. దానికి నిలబడే ఆధారం లేదు. బహిరంగ టెండరు ప్రకటన పోర్టల్‌లో అందరికీ కనబడేలా ఉంటుంది, మెయిల్ అదనపు సౌకర్యం మాత్రమే. ఇక మెయిల్ సంగతి తీసుకున్నా, సమాచార సాంకేతిక చట్టం 2000లోని 13వ సెక్షన్ ఉంది. ఎలక్ట్రానిక్ సమాచారం అందుకోవడానికి ఒక కంప్యూటర్ వ్యవస్థను మనం నిర్దేశించి చెబితే, వేరే ఒప్పందం లేనంతవరకు, సమాచారం ఆ వ్యవస్థలోకి ప్రవేశించిన క్షణమే అది మనకు అందినట్టు లెక్క. మనం తెరిచామా, ఏ లేబుల్ కిందికి పోయింది అన్నదానితో ఆ లెక్కకి పనిలేదు. జూన్ 2న 11:42కే నోటీసు ఆ సంస్థకి అందినట్టు.

పోయిన కాలం ఎంత విలువైనదో కూడా చూడాలి. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నిబంధనలు, 2017 ప్రకారం బహిరంగ టెండరులో బిడ్లు వెయ్యడానికి మామూలుగా కనీసం మూడు వారాలు ఇవ్వాలి. ఈ టెండరుకీ సరిగ్గా అంతే ఇచ్చారు. ఆ మూడు వారాల్లో చెయ్యాల్సిన పనులు చిన్నవి కావు. గతంలో చేసిన పనుల సర్టిఫికెట్లు తెచ్చుకోవాలి, ధరావతు సొమ్ము సిద్ధం చెయ్యాలి, డిజిటల్ సంతకం గడువు చూసుకోవాలి, రేట్లు కట్టాలి. జూన్ 20న మెయిల్ దొరికినా పరుగులు పెట్టి వెయ్యగలిగేవారేమో. 23న మూడు దాటాక మాత్రం దారి మూసుకుపోయింది. ఆన్‌లైన్ టెండరులో లెక్క సర్వర్ గడియారానిదే. గడువు దాటాక బిడ్ సమర్పించే వీలే ఉండదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2003లోనే ఈ-ప్రొక్యూర్‌మెంట్ మొదలుపెట్టింది కాబట్టి, టెండరు డబ్బాలో కవరు వేసిన రోజుల నుంచి ఈ మార్పు దాకా అంతా చూసిన కాంట్రాక్టర్లు మన దగ్గర చాలామందే ఉన్నారు.

ఇలాంటిది తమ ఆఫీసులో జరుగుతోందో లేదో తెలుసుకోవడం కష్టం కాదు. జీమెయిల్ వెతికే పెట్టెలో ఈ వరస కొడితే చాలు:

```
in:anywhere -in:inbox -from:me tender newer_than:60d
```

గత అరవై రోజుల్లో వచ్చి, ఇన్‌బాక్స్‌లో లేని, tender అన్న మాట ఉన్న మెయిళ్లన్నీ ఇందులో బయటపడతాయి. in:anywhere వల్ల స్పామ్, ట్రాష్ కూడా వెతుకులాటలోకి వస్తాయి. అది లేకపోతే ఆ రెండూ లెక్కలోకి రావు. స్పామ్, ట్రాష్‌లలో పడ్డవి 30 రోజుల తర్వాత వాటంతట అవే చెరిగిపోతాయి కాబట్టి ఈ పని నెలకోసారి కాకుండా వారానికోసారి చెయ్యడం మేలు. మనం చూసి పక్కన పెట్టినవి కూడా జాబితాలో కనబడతాయి. ఎప్పుడూ చూడని మెయిల్ ఒక్కటి కనబడినా, సెట్టింగ్స్‌లో Filters and Blocked Addresses పేజీ తెరిచి ప్రతి రూలునీ చదవాలి. ఒకే రూలులో Skip Inbox, Mark as read రెండూ పక్కపక్కన కనబడితే ముందు దాని సంగతి చూడాలి.

గుమస్తా ఆ సాయంత్రమే రూలు దిద్దాడు. మొదట అతనికి తట్టింది మినహాయింపు పెట్టడం. Doesn't have గడిలో tender, corrigendum, bid అన్న మాటలు చేరిస్తే అవి ఉన్న మెయిళ్లని ఈ రూలు ముట్టుకోదు. జీమెయిల్‌లో మినహాయింపు ఆ వెడల్పాటి రూలు లోపలే ఉండాలి, వేరే రూలుగా పెడితే పనిచేయదు. ఈ పద్ధతిలోనూ లోపం ఉంది. రేపెవరైనా సబ్జెక్టులో NIT అనో RFP అనో రాసి, మెయిల్‌లో ఆ మూడు మాటలూ లేకుండా పంపితే అది మళ్లీ మూలకే పోతుంది. అందుకని రెండో ఆలోచన చేశాడు. noreply అన్న మాటనే తీసేసి, ఆ గడిలో తనకు నిజంగా అక్కర్లేని ఆరేడు అడ్రసులు పూర్తిగా రాశాడు. కొత్త అడ్రసు నుంచి ఏది వచ్చినా ఇన్‌బాక్స్‌లోనే పడుతుంది. చెత్త కాస్త పెరుగుతుంది, దాన్ని చేత్తో తీసుకోవచ్చు. Mark as read టిక్కు అన్ని రూళ్లలోనూ తీసేశాడు.

మర్నాటి నుంచి ఓనరు మరో ఏర్పాటు చేశాడు. సోమ, గురువారాల్లో పదింటికి గుమస్తా పోర్టల్‌లోకే నేరుగా వెళ్లి, తమ పనికి సంబంధించిన టెండర్లు, వేసిన బిడ్ల మీద వచ్చిన కారిజెండాలు చూసి రిజిస్టర్‌లో రాస్తాడు. మెయిల్ వచ్చిందా లేదా అన్నది పక్క కాలమ్. గడువు పొడిగింపులు, రేట్ల షీటులో మార్పులు పోర్టల్‌లో చూసుకోవాల్సిన బాధ్యత బిడ్డరుదేనని టెండరు పత్రాల్లో సాధారణంగా ఒక షరతు ఉంటుంది. మెయిల్ అందలేదన్న మాట అక్కడ పనికిరాదు. పోర్టల్‌లో ఉండి మెయిల్ కాలమ్ ఖాళీగా ఉన్న వరస కనబడితే, ఆ రోజే రూళ్ల పేజీ తెరవాలన్నది ఇప్పుడు ఆ ఆఫీసు పద్ధతి. గుమస్తా సెలవు పెట్టిన రోజు ఆ రిజిస్టర్, రూళ్ల జాబితా ప్రింటు రెండూ ఓనరు కొడుకు చేతికి వెళ్తాయి.