సాగరసంగమం నాలుగు ముక్కలైతే

ఫోన్‌లో పాటల యాప్ తెరిచి ఆల్బమ్‌ల వరసలో ‘సాగరసంగమం’ కోసం వెతికితే, అది నాలుగు చోట్ల కనిపిస్తుంది. ఒక చోట రెండు పాటలు, ఇంకో చోట ఒకటే. సీడీల నుంచి, స్నేహితుల పెన్‌డ్రైవ్‌ల నుంచి, డౌన్‌లోడ్ల నుంచి ఏళ్ల తరబడి పోగేసుకున్న పాటలున్న ఇళ్లలో ఇది మామూలే. కంప్యూటర్లో ఫోల్డర్లు ఎంత ముచ్చటగా సర్దినా ఈ చిక్కు వీడదు. చాలా ప్లేయర్లు ఫోల్డర్ పేరు చూడవు. పాట ఫైల్ లోపల రాసి ఉన్న ట్యాగ్‌నే చదువుతాయి.

ట్యాగ్ అంటే పాట పేరు, సినిమా, గాయకులు, సంవత్సరం లాంటి వివరాలు నింపే గళ్లు. 1996లో వచ్చిన తొలి పద్ధతిలో వీటన్నిటికీ కలిపి ఎంపీ3 ఫైల్ చివర 128 బైట్ల చోటే ఉండేది, పాట పేరుకు 30 అక్షరాలు మించేవి కావు. పాత ఫైళ్లలో పేర్లు సగంలో తెగిపోయి కనిపించడానికి ఒక కారణం అదే. తర్వాత వచ్చిన పద్ధతి ఫైల్ మొదట్లో కావలసినంత చోటిచ్చింది, తెలుగు లిపికీ వీలు కల్పించింది. వివరాలు ఫైల్ లోపలే ఉంటాయన్న ఈ ఒక్క సంగతి గుర్తుంటే, సర్దుడులో ఏ పని ముందో ఏది వెనకో తేలిపోతుంది.

అన్నిటికంటే ముందు మొత్తం పాటలను వేరే డిస్క్ మీదికి కాపీ చేసి పక్కన పెట్టాలి. ఆ వెంటనే, ట్యాగ్‌లను ముట్టుకోకముందే, అచ్చంగా ఒకేలా ఉన్న ఫైళ్లను ఏరేయాలి. dupeGuru లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ప్రతి బైటునూ సరిపోల్చి వీటిని పట్టిస్తుంది. ఈ పని తర్వాత చేద్దామని వాయిదా వేస్తే కుదరదు. రెండు కాపీల్లో ఒకదాని ట్యాగ్ దిద్దిన క్షణం నుంచి, పాట అదే అయినా ఫైళ్లు వేరైపోతాయి.

ఇప్పుడు సాగరసంగమం దగ్గరికి వద్దాం. 1983 నాటి ఈ సినిమాకు సంగీతం ఇళయరాజా. కొన్ని పాటల్లో బాలు గొంతు, కొన్నిటిలో జానకి గొంతు, కొన్నిటిలో శైలజ గొంతు వినిపిస్తాయి. పాశ్చాత్య ఆల్బమ్‌లో సాధారణంగా మొదటి నుంచి చివరి దాకా ఒకే గాయకుడో ఒకే బృందమో ఉంటారు. మన సినిమా పాటల్లో పాటపాటకూ గొంతులు మారతాయి. ‘ఆర్టిస్ట్’ గడిలో గాయకుల పేర్లు రాసి ‘ఆల్బమ్ ఆర్టిస్ట్’ గడి ఖాళీగా వదిలేస్తే, గాయకుల జట్టు మారినప్పుడల్లా ఇది వేరే ఆల్బమ్ అనుకునే ప్లేయర్లు చాలా ఉన్నాయి. దానికి తోడు ఒక ఫైల్లో Ilayaraja, మరోదాంట్లో Ilaiyaraaja, ఇంకోచోట Sagara Sangamam, పక్కనే Sagarasangamam. యంత్రానికి ఇవన్నీ వేర్వేరు పేర్లే.

సినిమా పాటలకు నాకు నచ్చిన పద్ధతి ఇది. ‘ఆల్బమ్ ఆర్టిస్ట్’ గడిలో సంగీత దర్శకుడి పేరు, ‘ఆర్టిస్ట్’లో ఆ పాట పాడినవారి పేర్లు. ‘కంపోజర్’ గడిలో మళ్లీ సంగీత దర్శకుడే. గీత రచయితకు ప్రత్యేక గడి ఉంది కానీ చాలా ప్లేయర్లు దాన్ని చూపించవు. అయినా వేటూరి పేరు అక్కడ రాసి ఉంచడం మంచిది, రేపు వెతుక్కోవడానికి పనికొస్తుంది. సంవత్సరం గడిలో సినిమా విడుదలైన ఏడే ఉండాలి, సీడీ వచ్చిన ఏడో వెబ్‌సైట్‌లో పెట్టిన ఏడో కాదు.

విడిపోయిన ఆల్బమ్‌ను కలిపే ఈ గడే, కలిసిపోయిన ఆల్బమ్‌లను విడదీస్తుంది కూడా. ‘దేవదాసు’ పేరుతో 1953లో సుబ్బరామన్ సంగీతంతో ఒక సినిమా, 2006లో చక్రి సంగీతంతో మరో సినిమా వచ్చాయి. ఆల్బమ్ పేరొక్కటే చూసే ప్లేయర్ ఘంటసాల పాట తర్వాత చక్రి పాట వినిపిస్తుంది. ఆల్బమ్ ఆర్టిస్ట్ గడి నింపితే చాలావరకు అవి వేరవుతాయి. ఇంకా అనుమానముంటే ఆల్బమ్ పేరులోనే ‘దేవదాసు 1953’ అని చేర్చేయొచ్చు.

ఈ దిద్దుబాటుకు విండోస్‌లో Mp3tag సులువు. ఒక సినిమా పాటలన్నీ ఒకేసారి ఎంచుకుని, అన్నిటికీ ఉమ్మడిగా ఉండే గళ్లను ఒకేసారి నింపి, సేవ్ చేయడమే. పేర్లు తెలుగులో రాయాలా ఇంగ్లీషు అక్షరాల్లోనా అన్నది మీ ఇష్టం, కానీ ఏదో ఒకదానికే కట్టుబడాలి. తెలుగులో రాసేవారు సెట్టింగ్స్‌లో ID3v2.3 UTF-16 ఉందో లేదో చూసుకోవాలి. అక్కడ ISO-8859-1 ఉంటే తెలుగు అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలుగా మారిపోతాయి.

ఆల్బమ్ బొమ్మ కూడా ప్రతి పాటలోనూ విడివిడిగా ఇమిడి ఉంటుంది. అందుకే పరిమాణం లెక్క చూసుకోవాలి. 2 ఎంబీ పోస్టర్‌ను 5,000 పాటల్లో పెడితే 10 జీబీ బొమ్మలకే పోతుంది. అదే 150 కేబీ బొమ్మయితే 750 ఎంబీతో సరి. చదరంగా, వైపుకు 600 పిక్సెళ్లుంటే ఫోన్‌కు చాలు.

ట్యాగ్‌లు కుదుటపడ్డాక రెండో విడత ఏరివేత. ఈసారి వెతకాల్సింది వేర్వేరు చోట్ల నుంచి వచ్చిన ఒకే పాటను. MusicBrainz Picard పాటను విని, ధ్వని తీరునుబట్టి వేలిముద్ర లాంటిది తీసి, ఒక పెద్ద జాబితాతో పోల్చి పేరు చెబుతుంది. అయితే పాత తెలుగు పాటల్లో చాలా వాటికి ఆ జాబితాలో ఆనవాలు దొరకదు. క్యాసెట్ నుంచి ఎక్కించినప్పుడు వేగం కాస్త తేడా వచ్చినా గుర్తుపట్టదు. కాబట్టి అది చెప్పిందల్లా నమ్మి తుడిచేయకుండా, పాట నిడివి చూసి, ఒకసారి విని నిర్ణయించుకోవాలి.

రెండిట్లో ఏది ఉంచాలి? పెద్ద ఫైలే మేలనుకోవడం పొరపాటు. అయిదు నిమిషాల పాట 128 కేబీపీఎస్‌లో దాదాపు 4.8 ఎంబీ, 320లో 12 ఎంబీ ఉంటుంది. 128 పాటనే మళ్లీ 320లోకి మారిస్తే బరువు పెరుగుతుంది గానీ పోయిన నాణ్యత తిరిగి రాదు. Spek అనే చిన్న సాఫ్ట్‌వేర్‌లో ఫైల్ తెరిస్తే ధ్వని చిత్రం కనిపిస్తుంది. 320 అని చెప్పుకునే పాటలో 16 కిలోహెర్ట్జ్ దగ్గర గీత గీసినట్టు పైభాగమంతా నల్లగా ఉంటే అనుమానించాలి. 1950ల నాటి రికార్డింగుల్లో పైస్థాయి ధ్వనులు మొదటే తక్కువ కనుక, ఈ పరీక్ష వాటికి వర్తించదు. ‘ఘంటసాల హిట్స్’ లాంటి సంకలనాల విషయంలో, పాటను సినిమా ఆల్బమ్‌లోనే ఉంచి సంకలనాన్ని ప్లేలిస్ట్‌గా మార్చుకోవడం నయం. ప్లేలిస్ట్ ఫైల్ పేరును పట్టుకుని పనిచేస్తుంది కాబట్టి, పేర్లు మార్చడం పూర్తయ్యాకే దాన్ని తయారుచేయాలి.

ఇక బ్యాకప్. అసలుతో కలిపి మూడు ప్రతులు, అందులో ఒకటి వేరే ఇంట్లో లేదా క్లౌడ్‌లో. రెండు డిస్కులను అద్దంలా ఒకేలా ఉంచే సింక్‌ను మాత్రం బ్యాకప్ అనుకోకూడదు. ఇక్కడ పొరపాటున తుడిచేసిన ఆల్బమ్ తర్వాతి సింక్‌లో అక్కడా మాయమవుతుంది. కనీసం ఒక ప్రతిలోనైనా పాత ఫైళ్లు కొన్ని నెలలు నిలిచి ఉండాలి.

తెలియకుండా దెబ్బతీసే సంగతి మరొకటుంది. ఫైల్ మొదట్లో ట్యాగ్ కోసం కొంత ఖాళీ చోటు వదిలి ఉంటుంది, చిన్న దిద్దుబాట్లు అందులోనే సర్దుకుంటాయి. దాంతో ఫైల్ పరిమాణం మారదు. Mp3tag, Picard రెండిట్లోనూ ఫైల్ మారిన తేదీని పాతదిగానే ఉంచే సౌకర్యం ఉంది. అది ఆన్‌లో ఉంటే తేదీ కూడా మారదు. పరిమాణం, తేదీ మాత్రమే పోల్చే బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఆ ఫైల్ మారలేదనుకుని వదిలేస్తుంది. మీరు నెలల తరబడి దిద్దిన పేర్లు బ్యాకప్‌లోకి చేరనే చేరవు. అందుకే ఆ సౌకర్యాన్ని ఆపేసి ఉంచాలి. ఇప్పటికే ఆన్‌లో ఉంచి దిద్ది ఉంటే, ఒక్కసారి ఫైళ్ల లోపలి సమాచారాన్నే పోల్చమని చెప్పాలి. లినక్స్, మ్యాక్‌లలో ఉండే rsync ఆజ్ఞకు `-c` చేర్చితే ఆ పని చేస్తుంది. వేల పాటలుంటే గంటలు పడుతుంది, రాత్రి నడవనివ్వండి. తెల్లారాక బ్యాకప్ డిస్క్ నుంచి ఒక ఆల్బమ్‌ను ఫోన్‌లోకి ఎక్కించి, పేర్లు, బొమ్మ, పాట మూడూ సరిగ్గా వచ్చాయో లేదో చూడండి.